ముందు ఏది తీసెయ్యాలి?

ఈ మూడు సమీకరణాలు చూడండి.

```
2x      +  z = 5
    4y  + 2z = 14
x + 2y  + 3z = 14
```

మొదటి రెండు సమీకరణాల్లో x, y ఒకదానికొకటి తగలవు. రెండింటికీ z తోనే పని. గుణకాల మాత్రికలో గీతలు గీస్తే నాలుగు గదులు వస్తాయి.

```
2  0 | 1
0  4 | 2
-----+--
1  2 | 3
```

పై ఎడమ గది A, దాని పక్కది B, కింద C, చివరి మూల D. ఈ గదులే బ్లాకులు. గుణించేటప్పుడు వీటిని మామూలు అంకెల్లాగే అడ్డువరుసను నిలువువరుసతో గుణించి కూడొచ్చు. కాకపోతే సైజులు కుదరాలి, గుణించే క్రమం తారుమారు కాకూడదు. ఇక్కడ మనకు కాసేపట్లో కావాల్సిన CA⁻¹B బదులు BA⁻¹C అని రాస్తే సైజులు కుదరక తప్పు వెంటనే దొరికిపోతుంది. బ్లాకులన్నీ ఒకే సైజు చతురస్రాలైతే మాత్రం లెక్క చప్పుడు చేయకుండా ముందుకెళ్లి తప్పు జవాబు ఇస్తుంది. నాకు భయం దాంతోనే.

ఇప్పుడు x, y లను తీసేద్దాం. మొదటి సమీకరణం నుంచి x = (5 − z)/2, రెండోదాన్నుంచి y = (14 − 2z)/4. మూడోదాంట్లో పెడితే z గుణకం 3 − 1/2 − 1 = 1.5 అవుతుంది. కుడివైపు 14 − 2.5 − 7 = 4.5. కాబట్టి z = 3. వెనక్కి వస్తే x = 1, y = 2.

ఆ 1.5 నే షుర్ కాంప్లిమెంట్ అంటారు: S = D − CA⁻¹B. ఇసై షుర్ 1917లో ప్రచురించిన నిర్ధారకాల సూత్రంలో ఇది కనిపిస్తుంది. ఈ పేరు పెట్టింది ఎమిలీ హేన్స్‌వర్త్, 1968లో. మొత్తం మాత్రిక విలోమంలో చివరి మూల 1/D, అంటే 1/3, అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి అది S⁻¹, అంటే 2/3. x, y ల ప్రభావం కలిసిన D యే S.

అదే z ని ముందు తీసేస్తే? మిగిలేది ఇది:

```
 5/3  -2/3
-2/3   8/3
```

సున్నాలు పోయాయి! సంబంధం లేని x, y ఇప్పుడు ముడిపడ్డాయి. రెండే కాబట్టి ఇబ్బంది లేదు. x, y లాంటివి వెయ్యి ఉండి, అన్నీ ఒక్క z కే తగులుతున్నాయనుకోండి. వాటిని ముందు తీసేస్తే కొన్ని వేల లెక్కలతో ఒక్క అంకె S మిగులుతుంది. z ని ముందు తీస్తే పది లక్షల గళ్లు నిండిపోతాయి, ఆ తర్వాత కోట్ల లెక్కలు. సమీకరణాలు అవే, జవాబూ అదే.

ఒక చిక్కుంది. A కి విలోమం ఉంటేనే S పుడుతుంది.

```
0 | 1
--+--
1 | 1
```

దీనికి విలోమం ఉంది, కానీ A సున్నా కాబట్టి అటునుంచి మొదలుపెట్టలేం. D వైపు నుంచి మొదలుపెట్టాలి. ఆ సున్నా బదులు 10⁻²⁰ ఉంటే ఇంకా మోసం. సూత్రం ప్రకారం S = 1 − 10²⁰. మామూలుగా కంప్యూటర్ దాదాపు 16 అంకెలే గుర్తుంచుకుంటుంది కాబట్టి, ముందున్న ఆ 1 ఆనవాలు లేకుండా పోతుంది.