చీనీ తోటకు నీరు: పారిస్తే ఎంత, బొట్టుబొట్టుగా ఇస్తే ఎంత?

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మిగతా చోట్ల బత్తాయి అని పిలిచే చీనీ తోటలు అక్కడ వేసవంతా బోరు నీటి మీదే బతకాలి. ఆరు మీటర్ల ఎడంతో నాటిన ఎకరం తోటను తీసుకుందాం. అందులో సుమారు 110 చెట్లుంటాయి. బోరు గంటకు 5,000 లీటర్లు పోస్తుందనుకుందాం.

తోటంతా పారించేటప్పుడు నీరు ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా చేరాలి కాబట్టి, ఎంత పొదుపుగా పెట్టినా నేలంతటా 50 మిల్లీమీటర్ల లోతుకు తక్కువ కాదు. ఎకరానికి అది 2 లక్షల లీటర్లు. అంటే బోరు 40 గంటలు ఆడాలి. పగలు తొమ్మిది గంటలే కరెంటు ఉంటే ఒక్క తడికి నాలుగున్నర రోజులు పడుతుంది.

ఆ నీరంతా చెట్టుకు అందదు. అక్కడి ఎర్ర ఇసుక నేలలో వేళ్లు ఎక్కువగా ఉండే పై 60 సెంటీమీటర్ల పొర, చెట్టు పీల్చుకోగల నీటిని దాదాపు 60 మిల్లీమీటర్లు పట్టి ఉంచగలదు. అందులో సగం ఖర్చయ్యాక, అంటే పది రోజులకొకసారి, తడి ఇస్తారనుకుంటే పొరలో ఖాళీ 30 మిల్లీమీటర్లే. మిగిలిన 20 మిల్లీమీటర్లు, అంటే 80 వేల లీటర్లు, వేళ్లను దాటి కిందికి ఇంకిపోతాయి. నీరు ఎక్కువసేపు నిలిచే కాలువ మొదట్లో ఈ ఇంకుడు మరింత ఎక్కువ. నిలిచిన 1,20,000 లీటర్లలోనూ చెట్ల వరుసల మధ్య నీడలేని తడి నేల నుంచి కొంత ఆవిరవుతుంది, కొంత కలుపు తాగేస్తుంది.

కాపుకొచ్చిన మధ్యరకం చీనీ చెట్టుకు ఎండాకాలంలో రోజుకు కావలసింది సుమారు 60 లీటర్లు. ఈ లెక్కన పది రోజులకు తోట అవసరం 66 వేల లీటర్లు. డ్రిప్పులోనూ పదో వంతు పోతుందనుకుంటే 73 వేల లీటర్లు పెట్టాలి. గంటకు ఎనిమిది లీటర్లు ఇచ్చే డ్రిప్పర్లు చెట్టుకు నాలుగు అమరిస్తే రోజుకు రెండు గంటలు చాలు. మొదలు తడవదు కాబట్టి బంక తెగులు బెడద కూడా తగ్గుతుంది.

ప్రతి డ్రిప్పరూ సరిగ్గా పోస్తేనే ఈ లెక్క నిలుస్తుంది. బోరు నీటిలో కరిగి ఉన్న సున్నం డ్రిప్పర్ల నోళ్ల దగ్గర తెల్లగా పేరుకుని వాటిని మూసేస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: పావుగంట సేపు పైపు మొదట్లోని డ్రిప్పరు కింద ఒక గిన్నె, చివరి డ్రిప్పరు కింద ఒక గిన్నె పెట్టి చూడాలి. ఎనిమిది లీటర్ల డ్రిప్పరైతే రెండింట్లోనూ రెండు లీటర్ల చొప్పున రావాలి. చివరిది బాగా తగ్గిందంటే ఫిల్టరు కడగాలి, పైపుల చివరి మూతలు తీసి మురికి వదిలేయాలి, తగిన మోతాదులో ఆమ్లం కలిపిన నీటిని ఒక రాత్రి పైపుల్లో నిలిపి మర్నాడు కడిగేయాలి. చాలామంది చెట్లు వాడాక గానీ ఈ పరీక్ష చేయరు. అప్పటికి ఒక పంట నష్టపోయి ఉంటారు.

ఇక అసలు ప్రశ్న: డ్రిప్పుతో మిగిలింది ఎంత? 2 లక్షల్లో 73 వేలు పోగా 1,27,000 లీటర్లు మిగిలాయని అనిపిస్తుంది. అయితే అందులో 80 వేలు ఇంకిపోయే నీరు. దానిలో కొంత కిందున్న రాతి పగుళ్లలోకి దిగి, ఆలస్యంగానైనా ఇదే బోరుకో పక్కవాళ్ల బోరుకో చేరేది. తప్పకుండా మిగిలింది ఆవిరికీ కలుపుకూ పోకుండా ఆగిన 47 వేల లీటర్లే. ఇంకిన నీటిని మళ్లీ తోడే శ్రమా, దానితో కొట్టుకుపోయే ఎరువూ తప్పడం రైతుకు నిజంగా లాభమే, కాదనలేం. కానీ భూగర్భ జలానికి కలిగే మేలు పైపు దగ్గర కనిపించినంత పెద్దది కాదు.

తర్వాత జరిగేది ఊహించడం కష్టం కాదు. తొమ్మిది గంటల కరెంటులో రెండు గంటలకే ఎకరం తడుస్తుంటే, రైతు పక్కనున్న మెట్ట భూమిలోనూ మొక్కలు నాటతాడు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. నాలుగు ఎకరాలయ్యేసరికి బోరు పది రోజులకు తోడేది 2,92,000 లీటర్లు. మునుపు తోడిన 2 లక్షల్లో 80 వేలు నేలలోకి దిగేవి, ఇప్పుడు తోడిన నీరు దాదాపు అంతా ఆకుల గుండా గాలిలోకి పోతుంది. ఎకరానికి వాడకం సుమారు మూడో వంతుకు తగ్గినా, ఊరి నీటిమట్టం ముందుకన్నా వేగంగా పడిపోవచ్చు.

అందుకే డ్రిప్పు వల్ల నీరు ఆదా అయిందో లేదో ఎకరానికి ఎన్ని లీటర్లు పెట్టామన్న లెక్క ఒక్కటే చెప్పలేదు. ఏటా మే నెలలో, వానలు మొదలయ్యే ముందు, మోటారు ఆపి ఒక రాత్రి వదిలేసి, తాడుకు బరువు కట్టి బోరులో నీటి లోతు కొలిచి రాసిపెట్టుకోవాలి. వానలు ఒకేలా పడిన సంవత్సరాల్లో ఆ అంకె పెరుగుతూ పోతోందంటే, ఆదా అయిన నీరు కొత్తగా నాటిన ఎకరాలకు వెళ్లిందన్నమాట.