అపోహలు - వాస్తవాలు: బిట్లు తగ్గిస్తే వేగం దానంతటదే పెరుగుతుందా?

"మోడల్‌ను 4 బిట్లకు దించాం. వేగం పెరగకపోగా కాస్త తగ్గింది. మేం ఎక్కడ తప్పు చేశాం?" నెలకు ఒకసారైనా ఎవరో ఒకరు నన్ను ఇలా అడుగుతారు. అడిగేవారిలో కంగారు కనిపిస్తుంది, ఎందుకంటే వేగం నాలుగింతలు అవుతుందని పైవారికి అప్పటికే మాట ఇచ్చి ఉంటారు. నిజానికి వారు క్వాంటైజేషన్, అంటే మోడల్‌లోని అంకెలను తక్కువ బిట్లలో దాచే పని, చేసిన తీరులో తప్పేమీ ఉండదు. ఎవరో మొదలుపెట్టిన లెక్కను నమ్మారు, అంతే.

అపోహ: బిట్లు నాలుగో వంతుకు తగ్గితే వేగం నాలుగింతలు పెరుగుతుంది.

ఇది సగం నిజం. అందుకే పచ్చి అబద్ధం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

700 కోట్ల పారామీటర్ల భాషా మోడల్‌ను తీసుకుందాం. 16 బిట్లలో ఆ పారామీటర్లు, అంటే వెయిట్లు, 14 జీబీ. 4 బిట్లకు దించి, ప్రతి 128 వెయిట్ల గ్రూపుకు, చిన్న అంకెలను తిరిగి అసలు విలువలకు మార్చే ఒక 16 బిట్ల స్కేలు ఉంచితే దాదాపు 3.6 జీబీ. మన జీపీయూ మెమరీ నుంచి సెకనుకు 600 జీబీ చదవగలదని, సెకనుకు 100 లక్షల కోట్ల లెక్కలు చేయగలదని అనుకుందాం. ఒక టోకెన్‌కు, అంటే మోడల్ చదివే లేదా రాసే ఒక మాట ముక్కకు, ఒక్కో పారామీటర్‌కు ఒక గుణకారం, ఒక కూడిక చొప్పున 1,400 కోట్ల లెక్కలు పడతాయి.

ఒక్కరే వాడుతున్నప్పుడు ఒక టోకెన్ రాయాలన్నా వెయిట్లన్నీ ఒకసారి చదవాల్సిందే. 14 జీబీ చదవడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. లెక్కలకు పట్టేది 0.14 మిల్లీసెకన్లే. అంటే లెక్కలు చేసే భాగం దాదాపు మొత్తం సమయం డేటా కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఇక్కడ 3.6 జీబీకి దిగితే చదవడం 6 మిల్లీసెకన్లకు వస్తుంది, వేగం దాదాపు నాలుగింతలు. వదంతి పుట్టింది ఇక్కడే.

ఇప్పుడు అదే మోడల్‌కు ఒకేసారి 2,000 టోకెన్ల ప్రాంప్టు ఇవ్వండి. వెయిట్లను ఒకసారి చదివితే 2,000 టోకెన్లకూ సరిపోతుంది. చదవడానికి పట్టేది ఆ 23 మిల్లీసెకన్లే, లెక్కలకు మాత్రం 280. వెయిట్లు 4 బిట్లలో ఉన్నా ఆ 280 తగ్గదు. ఎందుకంటే వెయిట్లతో గుణించే మధ్య విలువలు, అంటే యాక్టివేషన్లు, 16 బిట్లలోనే ఉన్నాయి. ప్రతి వెయిటునూ విప్పి మళ్లీ 16 బిట్లకు మార్చాకే గుణకారం జరుగుతుంది. ఆ విప్పే పని అదనం. మన ఊహా జీపీయూ మీద ఒకేసారి సాగే టోకెన్లు 43 దాటగానే 4 బిట్ల లాభం కరగడం మొదలవుతుంది, 166 దగ్గరికి వచ్చేసరికి ఆవిరైపోతుంది. అక్కడి నుంచి విప్పే ఖర్చే మిగులుతుంది.

ఒకసారి నాతో పనిచేసే కుర్రాడు ఇదే సుడిలో పడ్డాడు. పని ఏమిటంటే, పొడవైన ఫిర్యాదు లేఖలను చదివి అవి ఏ విభాగానికి చెందినవో చెప్పడం. ఒక్కో లేఖ దాదాపు 3,000 టోకెన్లు, జవాబు అయిదు టోకెన్లు. ఆరేసి లేఖలను ఒక బ్యాచ్‌గా పంపుతున్నాడు. వారం పాటు 4 బిట్ల మోడళ్లను మార్చి మార్చి చూశాడు, గ్రూపు సైజు మార్చాడు, రాత్రిళ్లు మేలుకున్నాడు. పై లెక్కనే కాగితం మీద వేసి చూపించాను. 18,000 టోకెన్లను చదవడానికి రెండున్నర సెకన్లు. జవాబు రాయడానికి 16 బిట్లలో 0.12 సెకన్లు, 4 బిట్లలో 0.03. అతను వారం రోజులు పోరాడింది ఆ 0.09 సెకన్ల కోసం! నవ్వు రాలేదు నాకు, ఎందుకంటే కొన్నేళ్ల క్రితం నేనూ ఇలాగే చేశాను, అదీ రెండు వారాలు.

మీ పని ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడానికి ఒక్క పూట చాలు. చిన్న ప్రాంప్టుతో పొడవైన జవాబుకు, పొడవైన ప్రాంప్టుతో ఒక్క టోకెన్ జవాబుకు విడివిడిగా సమయం కొలవండి. తరువాత బ్యాచ్ సైజును 1, 8, 64గా మార్చి మళ్లీ కొలవండి. వేగం కోసం 4 బిట్లా కాదా అన్నది ఆ అంకెలే చెబుతాయి. మెమరీ లాభం మాత్రం ఎప్పుడూ నిజమే. 24 జీబీ కార్డులో 14 జీబీ వెయిట్లకే పోతే చదివిన టోకెన్ల వివరాలు దాచుకునే కేవీ క్యాష్‌కు మిగిలేది పది లోపు. వెయిట్లు 3.6కు దిగితే ఇరవై మిగులుతుంది, ఒకేసారి ఎక్కువమందికి జవాబివ్వవచ్చు. అది వేరే లాభం, దాన్ని వేగంతో కలపకండి.

అపోహ: అయితే యాక్టివేషన్లను కూడా 8 బిట్లకు దించితే చాలు, ఖచ్చితత్వం ఎలాగూ నిలుస్తుంది.

లేఖల పనికి సరైన దారి ఇదే. వెయిట్లు, యాక్టివేషన్లు రెండూ 8 బిట్లయితే గుణకారం కూడా 8 బిట్లలోనే జరుగుతుంది. చాలా జీపీయూల్లో దాని గరిష్ఠ వేగం 16 బిట్లకు రెట్టింపు. కానీ పెద్ద భాషా మోడళ్లలో కొన్ని ఛానెళ్ల యాక్టివేషన్లు మిగతావాటికంటే పదుల రెట్లు పెద్దగా వస్తాయి. అలాంటి ఒక్క ఛానెలే మొత్తం స్కేలును లాగేస్తుంది.

విలువలన్నీ -1 నుంచి 1 మధ్య ఉండి, ఒక్కటి మాత్రం 60 అనుకోండి. స్కేలు 60/127, అంటే 0.47. ఇప్పుడు 0.2ను 0.47తో భాగిస్తే 0.43, రౌండు చేస్తే సున్నా. 0.236 లోపు ఉన్న ప్రతి విలువా మాయం. తప్పు 8 బిట్లది కాదు, ఒక్క స్కేలును అందరికీ పంచినదానిది. 2022లో వచ్చిన స్మూత్‌క్వాంట్ పద్ధతి ఇక్కడ చేసేది చిన్న మెలిక. ఆ ఛానెల్ యాక్టివేషన్‌ను, ఉదాహరణకు, 10తో భాగించి, దానికి ఎదురుగా ఉన్న వెయిట్లను 10తో గుణిస్తుంది. లబ్ధం మారదు. 60 కాస్తా 6 అవుతుంది, స్కేలు 0.047, మన 0.2 ఈసారి 0.19గా బతికి బయటపడుతుంది. వెయిట్లు కాస్త ఒడిదుడుకులు భరించగలవు కాబట్టి భారాన్ని అటు మళ్లించడం అన్నమాట.

అపోహ: సగటు స్కోరు మారకపోతే మోడల్ మారనట్లే.

వెయ్యి ప్రశ్నల్లో 20 తప్పులు ఒప్పులై, 22 ఒప్పులు తప్పులైతే స్కోరు తగ్గేది 0.2 శాతమే. మారిన జవాబులు మాత్రం 42. సగటును పక్కన పెట్టి, పాత మోడల్‌కూ కొత్త మోడల్‌కూ జవాబులు ఎక్కడ విడిపోయాయో వరుసగా చదవండి.

అపోహ: కాలిబ్రేషన్‌కు, అంటే స్కేళ్లను కొలవడానికి, బోలెడంత డేటా కావాలి.

వద్దు. జీపీటీక్యూ అనే క్వాంటైజేషన్ పద్ధతి పరిశోధన పత్రంలో వాడినది 2,048 టోకెన్ల ముక్కలు 128 మాత్రమే. కావలసింది అసలు పనితో పోలిక. మా లేఖల మోడల్ 8 బిట్లకు దిగాక కొన్ని విభాగాలను తరచూ తారుమారు చేసింది. చూస్తే మేం కాలిబ్రేషన్‌కు వాడినవి చిన్న చిన్న వ్యాసాలు. అంకెలు, పట్టికలు నిండిన లేఖలు వచ్చినప్పుడు యాక్టివేషన్లు ముందు కొలిచిన హద్దు దాటి, అక్కడే నరికివేతకు గురవుతున్నాయి. అసలు లేఖలే 256 తీసుకుని స్కేళ్లను మళ్లీ కొలిచాం. కొలవడానికి పట్టింది పది నిమిషాలు. ఆ తారుమారు ఆ తరువాత మళ్లీ కనిపించలేదు.