చార్జింగ్ ఆగిపోయిందని ఫోన్ చెప్తే: బియ్యం డబ్బా, హెయిర్ డ్రయర్, ఫ్రిజ్ గురించి కొన్ని అపోహలు

ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ దగ్గర చిన్న రిపేర్ కౌంటర్ నాది. మే నెలలో వచ్చేవాళ్లు "వేడి ఎక్కువైందని చార్జింగ్ ఆపేసింది" అంటారు. జులై వచ్చిందంటే అదే జనం "పోర్ట్‌లో నీళ్లున్నాయంటోంది" అంటూ వస్తారు. ఐఫోన్‌లో అయితే వేడికి Charging On Hold అనీ, తడికి Liquid Detected అనీ తెర మీద పడుతుంది. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి మాటలు మారతాయి, కొన్నిటిలో నీటిబొట్టు బొమ్మ వస్తుంది. రెండూ చార్జింగ్‌ని ఆపేవే కాబట్టి రెంటికీ ఒకటే మందు అనుకుంటారు జనం. తడికి చేసే వైద్యం వేడికీ, వేడికి చేసేది తడికీ చేసి నా దగ్గరికి తెస్తారు. వానాకాలం కదా, తడి సంగతే ముందు చూద్దాం.

అపోహ: నీళ్లు కనపడట్లేదు, కాబట్టి మెసేజ్ అబద్ధం

ఫోన్‌కి నీళ్లు కనిపించవు. దానికి తెలిసేది లీకేజీ ఒక్కటే. టైప్ సీ పోర్ట్ లోపల మధ్యలో ఒక సన్నటి నాలుక, దాని మీద పైనా కిందా కలిపి 24 పిన్నులు ఉంటాయి. ఫోన్ అప్పుడప్పుడు కొన్ని పిన్నుల మీద చాలా చిన్న కరెంట్ పంపి, అది ఎక్కడికైనా కారిపోతోందా అని చూసుకుంటుంది. పొడిగా ఉంటే కారదు. రెండు పిన్నుల మధ్య ఏదైనా దారి ఏర్పడితే కారుతుంది, ఫోన్ దాన్ని తడి అంటుంది.

ఆ దారి వాన చినుకే కానక్కర్లేదు. చెమట పట్టిన జేబులోని నూలు పీచు చాలు. ఎప్పుడో ఒలికిన ఇరానీ చాయ్ ఎండిపోయి మిగిల్చిన చక్కెర జిగురు చాలు, అది గాలిలో తేమ పెరిగినప్పుడల్లా మళ్లీ మెత్తబడుతుంది. పిన్ను మీద పట్టిన పచ్చటి చిలుము కూడా చాలు. అందుకే పోర్ట్ చూడ్డానికి పొడిగా ఉన్నా మెసేజ్ వస్తుంది, అది నిజమే చెప్తోంది. ఒక్కోసారి తడి ఫోన్‌లో కాదు, కేబుల్ కొసలో ఉంటుంది. ఇంకో పొడి కేబుల్ పెట్టి చూడకుండా ఎవరూ రిపేర్‌కి రావద్దు, నాకు గిరాకీ తగ్గినా ఫర్వాలేదు.

అపోహ: బియ్యంలో పెడితే తేమ లాగేస్తుంది

మామిడికాయలు మగ్గబెట్టడానికి బియ్యం డ్రమ్ము బాగుంటుంది. ఫోన్‌కి కాదు. పోర్ట్ లోపలి సందులో ఉన్న బొట్టుని బయట ఉన్న బియ్యం గింజ ఎలా లాగుతుంది? ఆరడానికి కావాల్సింది గాలి ఆడటం. డబ్బాలో మూత పెట్టి దాన్నే ఆపేస్తున్నాం. పైగా బియ్యానికి అంటుకున్న తవుడు, పిండి పోర్ట్‌లోకి దూరుతుంది. ఆపిల్ కంపెనీ కూడా తన సహాయం పేజీలో బియ్యంలో పెట్టొద్దని, చిన్న కణాలు ఫోన్‌ని పాడుచేస్తాయని రాసింది.

పోయిన వానాకాలంలో ఒక డెలివరీ కుర్రాడు వచ్చాడు. "అన్నా, రాత్రంత బియ్యంల పెట్టిన. పొద్దుగాల డ్రయర్ గూడ కొట్టిన. అయినా గదే మెసేజ్ వస్తున్నది" అన్నాడు. ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్, వైర్‌లెస్ చార్జింగ్ కూడా ఉంది. కేబుల్ మార్చి చూశాను, మెసేజ్ పోలేదు. కేబుల్ తీసేసినా నీటిబొట్టు బొమ్మ అలాగే ఉంది. అంటే తప్పు కేబుల్‌ది కాదు, పోర్ట్‌ది. వెనకవైపు తుడిచి వైర్‌లెస్ ప్యాడ్ మీద పెట్టాను, వెంటనే చార్జ్ ఎక్కింది. దాంతో బ్యాటరీ, మెయిన్ బోర్డు బాగున్నాయని తేలిపోయింది, సగం టెన్షన్ తగ్గింది.

తర్వాత పోర్ట్‌ని మైక్రోస్కోప్ కింద పెట్టి వాడికే చూపించాను. అడుగున తెల్లటి ముద్ద. బియ్యం పిండి, చెమట, జీన్స్ పీచు కలిసి ఇడ్లీ పిండిలా అంటుకుపోయాయి. పవర్ ఆఫ్ చేసి, మెత్తటి బ్రష్‌ని ఐపీఏలో, అంటే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా ముంచి, నాలుక మీద రుద్దకుండా పొడవునా తుడిచాను. ముద్ద పోయాక అసలు విషయం బయటపడింది. కరెంట్ వచ్చే పిన్ను ఒకటి నల్లబడి ఉంది, దాని పక్కన పచ్చటి చుక్క. ఇరవై నిమిషాలు ఆరనిచ్చి ఆన్ చేస్తే మెసేజ్ పోయింది. "రెండు రోజుల్లో మళ్లీ వస్తే సీసీ బోర్డు మార్చాల్సిందే" అని చెప్పి పంపాను. మూడో రోజు వచ్చాడు.

సీసీ బోర్డు అంటే ఫోన్ అడుగున చార్జింగ్ పోర్ట్ ఉండే చిన్న బోర్డు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో విడిగా వస్తుంది కాబట్టి మార్చడం పెద్ద పని కాదు. కానీ దానికి ఫోన్ వెనక భాగం తెరవాలి. తెరిస్తే నీళ్లు రాకుండా అంచు చుట్టూ ఉండే జిగురు తెగుతుంది. కొత్త జిగురు వేస్తాం, అయినా కంపెనీ నుంచి వచ్చినప్పటి గ్యారంటీ మేమివ్వలేం. ఆ మాట వాడికి ముందే చెప్పాను.

అపోహ: మెసేజ్‌ని దాటేసి చార్జింగ్ పెడితే ఏమీ కాదు

ఆ పిన్ను ఎలా నల్లబడిందో అడిగితే చెప్పాడు. వానలో ఆర్డర్లు పోతాయని మెసేజ్ వచ్చినా పట్టించుకోకుండా, ఫోన్ స్విచాఫ్ చేసి రాత్రంతా చార్జింగ్ పెట్టాడట. కొన్ని మోడళ్లలో ఆఫ్ చేస్తే చార్జ్ ఎక్కుతుంది నిజమే. ఐఫోన్‌లో అయితే Emergency Override అనే బటనే ఉంటుంది. అది పేరుకి తగ్గట్టు ఎమర్జెన్సీకే, అంబులెన్స్‌కి ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు.

తడి పోర్ట్‌లో కేబుల్ పెడితే జరిగేది స్కూల్లో చదివిన విద్యుద్విశ్లేషణే. చార్జర్ పిన్ను మీద 5 వోల్టులు, ఫాస్ట్ చార్జింగ్‌లో 9 లేదా ఇంకా ఎక్కువ. దాని పక్కన వెంట్రుకంత దూరంలో వేరే పిన్ను. మధ్యలో ఉప్పు కలిసిన చెమట. పిన్ను మీదున్న బంగారు పూత చాలా పలచన. అది ఎక్కడ లేచిపోతే అక్కడ కింది లోహం కరిగిపోయి పచ్చగా, నల్లగా పేరుకుంటుంది. ఆ పేరుకున్నది మళ్లీ లీకేజీ దారి అవుతుంది, అందుకే ఆ తర్వాత వాన లేకపోయినా మెసేజ్ వస్తూనే ఉంటుంది. వాన నీటితో అయిన పని కాదిది, తడి మీద కరెంట్ పెట్టడంతో అయింది.

చేయాల్సింది తేలిక. కేబుల్ తీసెయ్యండి. పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతి మీద మెల్లగా తట్టండి. తర్వాత పోర్ట్ కిందికే ఉండేలా గోడకి ఆనించి ఫ్యాన్ గాలికి నిలబెట్టండి. ఏసీ గది అయితే ఇంకా మంచిది, ఏసీ గాలిలో తేమ తక్కువ. అరగంట తర్వాత పొడి కేబుల్‌తో చూడండి. మెసేజ్ మళ్లీ వస్తే ఇంకా వదిలేయండి, పూర్తిగా ఆరడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. ఈలోగా వైర్‌లెస్ ఉంటే వెనక తుడిచి వాడుకోవచ్చు. దూది పుల్ల, టిష్యూ, పిన్నీసు లోపలికి పోనివ్వొద్దు. నోటితో ఊదొద్దు, అందులోనూ తుంపర ఉంటుంది. హెయిర్ డ్రయర్ తడిని ఇంకా లోపలికి తోస్తుంది, వేడికి అంచు జిగురూ వదులవుతుంది.

ఒక రోజు దాటినా పోకపోతేనో, పడింది చాయో కూల్‌డ్రింకో అయితేనో ఆరబెట్టడం చాలదు, శుభ్రం చేయించాలి.

అపోహ: ఐపీ 68 ఫోన్‌కి ఈ బాధ ఉండదు

ఐపీ 68 అంటే ఫోన్ లోపలికి నీళ్లు పోవని. పోర్ట్ మాత్రం బయటే ఉంది, పిన్నులు తడవక తప్పదు. ఆ పరీక్ష చేసేది మంచినీళ్లతో, చార్జింగ్ పెట్టకుండా.

అపోహ: వేడి మెసేజ్ వస్తే బ్యాటరీ పోయినట్టే, లేదా ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది

ఇక మే నెల సంగతి. లిథియం అయాన్ బ్యాటరీలు మామూలుగా 45 డిగ్రీల దాకానే చార్జింగ్‌ని తట్టుకుంటాయి. అది బ్యాటరీ వేడి, గది వేడి కాదు. ఆ వేడికి దగ్గరపడగానే ఫోన్ ముందు కరెంట్ తగ్గిస్తుంది, "ఫాస్ట్ చార్జింగ్ రావట్లేదు" అని జనం అనేది ఇప్పుడే. ఇంకా పెరిగితే ఆపేస్తుంది. మన ఊళ్లో మే మధ్యాహ్నం 40 దాటడం మామూలే. స్లాబు కింద పై అంతస్తు గది, మందపాటి కవరు, హాట్‌స్పాట్ ఆన్, పక్కన వీడియో. లేదా బైక్ హ్యాండిల్ మీద ఎండలో మ్యాప్ నడుస్తూ చార్జింగ్. 45 చేరడానికి ఇంకేం కావాలి? బ్యాటరీ పాడవకూడదనే ఫోన్ ఆగింది.

కవరు తీసి, హాట్‌స్పాట్ ఆపి, నీడలో షాబాదు బండల మీద పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది, చార్జింగ్ దానంతటదే మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీయగానే చల్లటి ఫోన్ మీద, పోర్ట్ లోపలా తేమ పడుతుంది, చల్లటి సీసా మీద పట్టినట్టు. అప్పుడు వేడి మెసేజ్ పోయి తడి మెసేజ్ వస్తుంది. ఇలా రెండూ చూసిన వాళ్లు నా దగ్గరికి వచ్చారు.

అనుమానించాల్సింది ఎప్పుడంటే, చల్లటి గదిలో, ఏమీ వాడకుండా, ముట్టుకుంటే చల్లగా ఉన్న ఫోన్ కూడా వేడెక్కిందని చెప్పినప్పుడు. ఆండ్రాయిడ్‌ని కంప్యూటర్‌కి కలిపి మేం ఇలా చూస్తాం:

```
adb shell dumpsys battery
```

అందులో `temperature: 312` అని వస్తే 31.2 డిగ్రీలు, పదో వంతుల్లో చెప్తుంది. చేతికి చల్లగా ఉన్న ఫోన్ 600 అని చూపిస్తే వేడి కొలిచే థర్మిస్టర్‌దో దాని కనెక్షన్‌దో తప్పు. వేడి పెరిగే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. కాబట్టి షార్ట్ అయితే విపరీతమైన వేడి చూపిస్తుంది, కనెక్షన్ తెగితే గడ్డకట్టే చలి చూపిస్తుంది. బ్యాటరీ మార్పించాక ఇలాంటివి మొదలైతే ముందు ఆ బ్యాటరీనే చూడాలి.

దీనికి తిరగేసిన కేసు ఇంకా ప్రమాదం. కొన్ని డూప్లికేట్ బ్యాటరీల్లో థర్మిస్టర్ ఉండాల్సిన చోట మామూలు రెసిస్టర్ పెట్టి ఉండటం నేను చూశాను. ఆ ఫోన్ ఎండలో మాడుతున్నా 25 డిగ్రీలే చూపిస్తుంది, వేడి మెసేజ్ ఎప్పటికీ రాదు. "బ్యాటరీ మార్చాక ఆ మెసేజ్ పీడ పోయింది" అని సంతోషపడే వాళ్లని నేను కాసేపు కూర్చోబెడతాను. ఆ బ్యాటరీ తీసి బల్ల మీద పెట్టి, ఉబ్బిందేమో చూసిన తర్వాతే పంపిస్తాను.