మూడో రోజు బయటపడే వడదెబ్బ

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. మే నెలలో ఒక మధ్యాహ్నం ఆయన పెంచుకుంటున్న ఐదేళ్ల లాబ్రడార్ డాబా మీది రేకుల షెడ్డులో ఉండిపోయింది. మూడు గంటలకు పైకి వెళ్లి చూస్తే పక్కకు ఒరిగి పడి ఉంది. చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగాయి, జిగురుగా చొంగ కారుతోంది, రొప్పు ఆగడం లేదు. ఆయన దాని మీద తడి తువాళ్లు కప్పి, కారులో వేసుకుని, నలభై నిమిషాలు ప్రయాణించి ఆసుపత్రికి చేర్చారు. అక్కడ చూస్తే జ్వరమానిలో 107.6 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 42 సెల్సియస్. చల్లబరిచారు, సెలైన్ ఎక్కించారు. సాయంత్రానికి 102కి దిగింది, లేచి నిలబడింది, ఇంటికి వచ్చేసింది. మర్నాడు నాలుగు ముద్దలు పెరుగన్నం కూడా తింది. ఆ రాత్రి నెత్తురు విరేచనాలు మొదలయ్యాయి. మూడో రోజు తెల్లారేసరికి సెలైన్ సూది గుచ్చిన కాలు నల్లగా కమిలింది, పొట్ట మీద ఆవగింజలంత ఎర్రటి చుక్కలు కనిపించాయి.

“వడదెబ్బ మొదటి రోజే తగ్గింది కదా. సూది వికటించిందా?” అని ఆయన ప్రశ్న.

సూది తప్పేమీ లేదు. కానీ ఆ మాట నమ్మించాలంటే ముందు వేడి ఒంట్లోంచి ఎలా బయటికి పోతుందో చెప్పాలి, ఆ తర్వాత అది పోతూ పోతూ ఏం వదిలిపోతుందో చెప్పాలి.

మన ఇంట్లో మట్టికుండ ఉంది కదా, అది చాలు. కుండ గోడకున్న సన్నటి రంధ్రాల్లోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ దాదాపు 580 క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. మనిషి ఒళ్లంతా ఇలాంటి కుండే. కుక్కకు ఆ వసతి లేదు. దాని చెమట గ్రంథులు ముఖ్యంగా అరికాళ్లలోనే ఉంటాయి, వాటితో ఒళ్లు చల్లబడదు. దాని కుండ నోట్లో, ముక్కులో ఉంది. కుక్క నాలుకతో చెమట పోస్తుందని బడిలో చెబుతుంటారు. అది తప్పు. నాలుకకు చెమట గ్రంథులు లేవు. నోటిని తడిపేది లాలాజలం. ముక్కు పక్కన ఉన్న ఒక గ్రంథి ఎండ పెరిగేకొద్దీ ఎక్కువ నీటిని ముక్కులోకి వదులుతుంది. కుక్క ప్రధానంగా ముక్కుతో గాలి పీల్చి, ఆ తడి మీదుగా పోనిచ్చి, నోటితో వదిలేస్తుంది.

ఇక్కడ నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేసే సంగతి ఒకటుంది. కుక్క రొప్పు మెల్లగా వేగం పెంచుకుంటూ పోదు. నిమిషానికి ముప్పై నలభై శ్వాసల నుంచి ఒక్కసారిగా మూడు వందల పైకి దూకుతుంది. 1962లో క్రాఫర్డ్ అనే శాస్త్రవేత్త దీని గుట్టు విప్పాడు. కుక్క ఛాతీకి ఊయలలాగా తనదైన ఒక సహజ ఊపు ఉంది, ఆ రొప్పు వేగం సరిగ్గా ఆ ఊపుతో కలుస్తుంది. ఊయలను సమయం చూసి తోస్తే చిటికెన వేలు చాలు, వేళ తప్పి తోస్తే చెయ్యి నొప్పి పుడుతుంది. రొప్పడానికి కండరాలు కష్టపడితే ఆ కష్టమే మళ్లీ వేడిగా మారుతుంది. ఆ నష్టాన్ని తగ్గించుకునే ఉపాయమిది.

అయితే కుండకున్న బలహీనతలన్నీ దీనికీ ఉన్నాయి. కర్నూలు పొడి ఎండలో చల్లబడే కుండ, మచిలీపట్నం ఉక్కపోతలో పేరుకే కుండ. గాలిలో ఇదివరకే తేమ నిండి ఉంటే ఆవిరికి చోటుండదు. గాలి ఆడని రేకుల షెడ్డులో కుక్క తను వదిలిన తేమనే మళ్లీ పీలుస్తుంది. ముక్కు నొక్కేసినట్టుండే పగ్ సంగతి చెప్పనక్కర్లేదు. దానికి కుండే చిన్నది, గాలి వెళ్లే దారీ ఇరుకే.

ఇప్పుడు లెక్క చూద్దాం. కుక్కకు మామూలు ఉష్ణోగ్రతే సుమారు 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్, మనకైతే అది జ్వరం కింద లెక్క. అందుకే చెయ్యి పెట్టి చూస్తే ఏమీ తెలియదు, జ్వరమాని మలద్వారంలో పెట్టి చూడాలి. దాదాపు 105.8 (41 సెల్సియస్) దాటి, తూలడం, మత్తు, మూర్ఛ లాంటివి కనిపిస్తే వడదెబ్బే. 109 (43 సెల్సియస్) దగ్గరికి వస్తే కణాల్లోని ప్రొటీన్లు నేరుగా చెడిపోవడం మొదలవుతుంది. ఈ అంకెలు గీతలు కావు. దారిలో చల్లబడిన కుక్క ఆసుపత్రిలో 103 చూపించినా వడదెబ్బ తగిలినదే కావచ్చు. ఎంత వేడెక్కిందో ఎంత ముఖ్యమో, ఎంతసేపు వేడిగా ఉందో కూడా అంతే ముఖ్యం.

గుంటూరు కుక్క బరువు 30 కిలోలు అనుకుందాం. దాన్ని 42 నుంచి 39.5 సెల్సియస్‌కు దించాలంటే సుమారు 62 కిలోక్యాలరీల వేడి తీసేయాలి. ఆ వేడినంతా ఆవిరితోనే తీస్తే ఎంత నీరు కావాలి? దాదాపు 110 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుడు! ఒంట్లో కొత్తగా పుట్టే వేడికి ఇంకాస్త కలుపుకోండి, అంతే. పోసి పారబోసే నీటితోనైతే, ప్రతి లీటరూ పది డిగ్రీలు వేడెక్కుతుందనుకున్నా ఆరు లీటర్లు కావాలి. నిజానికి బొచ్చు మీదుగా జారిపోయే నీరు ఒకటి రెండు డిగ్రీలే వేడెక్కుతుంది కాబట్టి బకెట్లకు బకెట్లు పడతాయి. ఆ టీ గ్లాసుడు నీటిని ఆవిరి చేసేది గాలి. ఫ్యాను లేకుండా నీళ్లు పోయడమంటే సగం పనే.

ఇక తువాలు. కిటికీకి కట్టిన వట్టివేళ్ల తడికలోంచి గాలి దూసుకుపోతేనే గది చల్లబడుతుంది. కిటికీ తలుపులు మూసి తడిక కడితే తేమ తప్ప ఏమీ మిగలదు. కుక్క మీద కప్పిన తడి తువాలు కొద్ది నిమిషాల్లోనే ఒంటి వేడికి వచ్చేస్తుంది. బొచ్చుకూ తువాలుకూ మధ్య గాలి ఆవిరితో నిండిపోతుంది, అక్కడితో ఆవిరవడం ఆగిపోతుంది. మనం కప్పింది తడి దుప్పటి అవుతుంది. బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2023లో ప్రచురించిన పరిశీలనలో, బయలుదేరే ముందు చల్లబరిచినవి దాదాపు ఐదు కుక్కల్లో ఒకటే. చల్లబరిచిన వాటిలోనూ సగానికి పైగా తడి తువాళ్ల వైద్యమే. కాబట్టి ఇది గుంటూరు పొరపాటు మాత్రమే కాదు.

చేయవలసింది ఇది. ముందు నీడకు లాగాలి. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపల, చర్మం దాకా తడిసేలా నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టాలి. ఇక్కడ మన ఊళ్లలో ఒక చిక్కుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. చేతికి చల్లగా తగిలే సంపు నీళ్లో, బోరు నీళ్లో తెచ్చుకోవాలి. చన్నీళ్లు పోస్తే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడి లోపలే చిక్కుకుంటుందని పాత పుస్తకాల్లో ఉండేది. ఆ భయానికి ఆధారం బలంగా లేదు. వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్న కుక్కనైతే, తల పైకి పట్టుకుని చన్నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టవచ్చు. ముసలిదానికీ గుండె జబ్బున్నదానికీ నీళ్లూ ఫ్యానూ మేలు. స్పృహ సరిగా లేని కుక్క నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఐదేసి నిమిషాలకు జ్వరమాని చూస్తూ 103 రాగానే ఆపాలి. ఆపిన తర్వాత కూడా కాసేపు దిగుతూనే ఉంటుంది కాబట్టి, ఇంకా చల్లబరిస్తే మరీ కిందికి పోతుంది. కారులో కిటికీలు దించాలి, లేదా ఏసీ గాలి తడి ఒంటికి నేరుగా తగలనివ్వాలి.

జ్వరం మాత్ర వద్దు. జ్వరంలో మెదడే ఉష్ణోగ్రత పెంచమని ఆదేశిస్తుంది, మాత్ర ఆ ఆదేశాన్ని రద్దు చేస్తుంది. వడదెబ్బలో మెదడు అలాంటి ఆదేశమేదీ ఇవ్వలేదు, రద్దు చేయడానికి ఏమీ లేదు. మిగిలేది మాత్ర చేసే హాని మాత్రమే. అలాగే జేబులో ఉల్లిపాయ ఉంటే వడ తగలదని నమ్మేవారు మనలో ఉన్నారు. జేబులో ఉన్నంతవరకు దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఉల్లిపాయ తరిగి మజ్జిగలో కలిపి కుక్కకు పడితే మాత్రం దాని ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఉల్లి కుక్కకు విషం.

ఇక మూడో రోజు సంగతి. రక్తనాళాల లోపలి పొర కాలితే శరీరం దాన్ని గాయంగానే చూస్తుంది, రక్తం గడ్డకట్టించడానికి పూనుకుంటుంది. ఒకచోట గాయమైతే అది మంచిదే. ఒళ్లంతా ఒకేసారి కాలితే లక్షల చోట్ల సన్నటి గడ్డలు కడతాయి, వాటి కోసం ప్లేట్‌లెట్లు, గడ్డకట్టించే ప్రొటీన్లు ఖర్చయిపోతాయి. కొత్త సరుకు ఎక్కడి నుంచి రావాలి? ఆ ప్రొటీన్లను ఎక్కువగా కాలేయం తయారుచేస్తుంది, ప్లేట్‌లెట్లను ఎముకల్లోని మూలగ తయారుచేస్తుంది. ఆ రెండింటికీ వడ తగిలింది. మిల్లు తగలబడ్డ రోజునే ఊళ్లో బియ్యం కరవు రాదు, గోదాములో నిల్వ ఉన్నంతకాలం అంతా బాగానే కనిపిస్తుంది. గడ్డకట్టించే ప్రొటీన్లలో కొన్ని రక్తంలో కొన్ని గంటలకు మించి నిలవవు, ప్లేట్‌లెట్లు కొన్ని రోజులు నిలుస్తాయి. అందుకే ఈ కరవు కొన్ని కుక్కల్లో వెంటనే, కొన్నింటిలో ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. పేగుల లోపలి పొర ఊడి నెత్తురు విరేచనాలు రావడం, ఆ దారిన సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడటం, మూత్రపిండాలు మొరాయించడం, గుండె లయ తప్పడం కూడా ఈ గడువులోనే జరుగుతాయి.

ఇజ్రాయెల్‌లో 54 కుక్కలను పరిశీలించి 2006లో ప్రచురించిన నివేదికలో సగం చనిపోయాయి. ఆసుపత్రికి చేరడం గంటన్నర దాటినవాటికి ముప్పు ఎక్కువ. మూత్రపిండాలు వడకట్టి పారేయవలసిన క్రియాటినిన్ అనే వ్యర్థం ఒక రోజు తర్వాత కూడా డెసిలీటరు రక్తంలో 1.5 మిల్లీగ్రాముల పైనే ఉన్నవాటికీ అంతే. కాబట్టి సాయంత్రం 102 చూపించిన జ్వరమాని మంటలు ఆరాయని మాత్రమే చెప్పింది, మిల్లు సంగతి చెప్పలేదు. ఆ కుక్కను కనీసం రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచవలసింది. రక్తంలో చక్కెర, ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే సమయం, క్రియాటినిన్ మొదటి రోజు చూసి, మర్నాడూ ఆపై రోజూ మళ్లీ చూడాలి. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి చూస్తే, ఇంకా కేంద్రకం పోని పచ్చి ఎర్ర కణాలు మూలగలోంచి బయటపడి కనిపిస్తాయి. అవి ఎంత ఎక్కువైతే ముప్పు అంత ఎక్కువ. ఇంటికి తెచ్చుకున్నవారు చూడవలసింది చిగుళ్లనూ పొట్ట చర్మాన్నీ, మూత్రం ఎంత పోస్తోంది, ఏ రంగులో ఉంది అన్నదాన్నీ. టీ రంగు మూత్రమంటే కండరాలు కరిగి వస్తున్నాయేమోనని అనుమానించాలి.

ఆయన ఉత్తరం చివర ఉంది: ఆ మూడో రోజే మళ్లీ ఆసుపత్రిలో చేర్చారు, ప్లాస్మా ఎక్కించారు, ఆరు రోజులకు తిరిగొచ్చింది. కమిలిన కాలు సంగతి అడిగారు కదా. సూది గుచ్చితే పడేది గుండుసూది మొనంత రంధ్రం. మొదటి రోజు అది నిమిషంలో పూడి ఉంటుంది. మూడో రోజు నాటికి పూడ్చే సరుకు అయిపోయి, అదే రంధ్రం చర్మం కింద కారడం మొదలుపెట్టింది.