జలుబు సిరప్‌లోని పారాసెటమాల్: 2018 నాటి మినహాయింపు నుంచి నేటి వివాదం దాకా

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో 2025లో సిరప్ తాగిన పిల్లలు చనిపోయిన తరువాత, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోనూ పిల్లల జలుబు మందుల మీద వాదన మళ్లీ మొదలైంది. ఆ మరణాలకు కారణం సిరప్‌లో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం. అయితే ఆ సీసా మీద రాసి ఉన్న మూడు మందుల్లో ఒకటి పారాసెటమాల్ అన్న సంగతి పెద్దగా చర్చకు రాలేదు. ఏ కల్తీ లేని సిరప్‌తోనూ పిల్లల కాలేయం దెబ్బతినే మార్గం ఒకటి ఉంది: జ్వరం సిరప్‌లోనూ, జలుబు సిరప్‌లోనూ ఉన్న ఇదే మందు ఇంట్లోవాళ్లకు తెలియకుండా రెండుసార్లు పడడం.

పారాసెటమాల్‌తో పాటు ఇతర మందులూ కలిపి తయారుచేసే కొన్ని మిశ్రమాలపై 2016 నుంచి కేంద్రం నిషేధాలు, వాటిపై కోర్టు తీర్పులు నడిచాయి. ఇప్పటి వివాదానికి అంతకంటే ముఖ్యమైనది 2018 మార్చిలో కేంద్రం లేబుళ్ల నిబంధనకు చేసిన సవరణ. అసలు మందు పేరును బ్రాండు పేరు కంటే కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ముద్రించాలని అది చెప్పింది. కానీ మూడు లేదా అంతకంటే ఎక్కువ మందులు కలిసిన మిశ్రమాలను ఆ నియమం నుంచి మినహాయించింది. పిల్లల జలుబు సిరప్‌లో సాధారణంగా ఉండేవి సరిగ్గా మూడు: పారాసెటమాల్, ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, ముక్కు కారడం తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్. ఫలితంగా జ్వరం సిరప్ మీద పెద్దగా కనిపించవలసిన పేరు, జలుబు సిరప్ మీద వెనుకవైపు సన్నని అక్షరాల్లో మిగిలిపోవడానికి వీలు కలిగింది. నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద రాయాలన్న 2023 డిసెంబరు ఆదేశం సైతం ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ మిశ్రమాన్ని ఉద్దేశించినదే తప్ప పారాసెటమాల్ రెండుసార్లు పడే ప్రమాదాన్ని ఉద్దేశించినది కాదు.

ఆ చిన్న అక్షరాల వల్ల ఇంట్లో ఏం జరుగుతుందో లెక్క వేసి చూడవచ్చు. పిల్లలకు పారాసెటమాల్ ఒక్కో మోతాదు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు మించకూడదు, 24 గంటల్లో నాలుగు మోతాదులు దాటకూడదు. అంటే రోజుకు కిలోకు 60 మిల్లీగ్రాములు. కొన్ని దేశాల్లో 75 వరకు అనుమతిస్తారు. దేవరకొండ వైపు ఒక ఊళ్లో 12 కిలోల మూడేళ్ల పాపకు జ్వరం వచ్చిందనుకుందాం. ఆమెకు రోజుకు 720 మిల్లీగ్రాములు హద్దు. తల్లి 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములున్న జ్వరం సిరప్‌ను మూడున్నర మిల్లీలీటర్ల చొప్పున నాలుగుసార్లు పోస్తే 700 అవుతుంది, హద్దులోనే ఉంది. ముక్కు కారుతోందని మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 ఉంటే, 5 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు మూడుసార్లకు 375 కలుస్తుంది. జ్వరం దిగలేదని ఆర్‌ఎంపీ రాసిన మూడో సీసాలో ఐబుప్రొఫెన్ అనే మరో జ్వరం మందుతో పాటు 5 మిల్లీలీటర్లకు 162.5 మిల్లీగ్రాముల పారాసెటమాల్ ఉండి, దాన్ని అదే కొలతలో రెండుసార్లు పోస్తే మరో 325. మొత్తం 1,400, అంటే కిలోకు దాదాపు 117. ఆరేళ్ల లోపు పిల్లల్లో రోజుకు కిలోకు 100 మిల్లీగ్రాములు దాటి మూడు రోజులు పడితే కాలేయానికి ముప్పు ఉందని భావించి పరీక్షలు చేయాలని విష చికిత్స మార్గదర్శకాలు చెబుతాయి. ఆ తల్లి ఏ ఒక్క సీసాలోనూ చెప్పిన కొలత దాటలేదు.

ఒకే మందు రెండు చోట్ల తీసుకుని ఆ సంగతి చెప్పకపోతే తామేం చేయగలమన్నది దుకాణదారుల వాదన. అందులో కొంత నిజం ఉంది. పిల్లల వైద్యుల మాట మాత్రం లోతుగా ఆలోచించదగినది. జ్వరం మందు, జలుబు మందు వేర్వేరని నమ్మే తల్లికి చెప్పవలసిన విషయం ఉందని ఎలా తెలుస్తుంది? సీసా మీద పేరే కనిపించనప్పుడు అడిగే బాధ్యత అమ్మేవారి మీదే పడుతుంది. ‘ఇంట్లో ఇంకే సిరప్ పోస్తున్నారు?’ అని అడగడానికి చదువు, లైసెన్సు ఉన్న ఫార్మసిస్టు కౌంటరు దగ్గర ఉండాలి. చాలా మండల కేంద్రాల్లో సాయంత్రం వేళ ఆ మనిషే ఉండడు.

ఈ ప్రమాదాన్ని గుర్తించడం కష్టం కావడానికి మరో కారణం ఉంది. మొదటి రోజుల్లో కనిపించేవి వాంతులు, అన్నం తినకపోవడం, మందకొడితనం. ఇవన్నీ జ్వరం లక్షణాల్లాగే ఉండడంతో ఇంట్లోవాళ్లు మరో మోతాదు పోస్తారు. కాలేయం పారాసెటమాల్‌లో కొద్ది భాగాన్ని విషపదార్థంగా మార్చి, తనలో నిల్వ ఉన్న గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం సాయంతో వదిలించుకుంటుంది. జ్వరంతో రోజుల తరబడి తినని పిల్లల్లో ఆ నిల్వ ముందే తగ్గిపోయి ఉంటుంది. కళ్లు పచ్చబడడం చాలా ఆలస్యంగా కనిపించే గుర్తు. దానికి ముందే రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్ ఎస్‌జీపీటీ పెరుగుతుంది. విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ ఎంత తొందరగా పడితే అంత మేలు. ఒకేసారి ఎక్కువ తాగిన కేసుల్లో రక్తంలోని మందు స్థాయిని ఒక గ్రాఫుతో పోల్చి చికిత్స నిర్ణయిస్తారు గానీ, ఇలా రోజుల పాటు కొంచెం కొంచెంగా పేరుకున్న కేసుల్లో ఆ గ్రాఫు పనికిరాదు. అప్పుడు వైద్యుడికి ఆధారమయ్యేవి రక్తపరీక్షలు, పోసిన మొత్తం లెక్క. కాబట్టి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు జ్వరం సీసా ఒక్కటే కాదు, ఇంట్లో తెరిచి ఉన్న ప్రతి సీసానూ, పోసిన మూతనూ లేదా చెంచానూ, ఏది ఎన్నిసార్లు పోశారో రాసిన కాగితాన్నీ వెంట తీసుకెళ్లాలి.