గోళం, పలక, తీగ: ఒక నియమం వెనక నూట యాభై ఏళ్లు

ఇంటర్ రెండో సంవత్సరం భౌతికశాస్త్రం తెలుగు మాధ్యమంలో చదివిన వారికి గాస్ నియమం కింద వచ్చే మూడు ఉత్పాదనలు గుర్తుండే ఉంటాయి. ఆవేశితమైన గోళాకార కర్పరం, అనంత సమతల పలక, అనంత పొడవున్న తీగ ఒక్కొక్కదాని చుట్టూ ఎంత విద్యుత్ క్షేత్రం ఉంటుందో కనుక్కోవడమే వాటి పని. మూడూ కలిపి రాసినా రెండు పేజీలు దాటవు. అయితే వీటిలో గోళానికి సంబంధించిన ఫలితం, గాస్ పుట్టడానికి తొంభై ఏళ్ల ముందే, విద్యుత్తుతో ఏ సంబంధమూ లేని చోట తేలింది.

1687లో వెలువడిన ప్రిన్సిపియాలో న్యూటన్ గురుత్వాకర్షణ గురించి రెండు సంగతులు నిరూపించాడు. ఏకరీతి గోళాకార కర్పరం లోపల ఎక్కడ ఉన్నా ఆ కర్పరం వల్ల కలిగే నికర బలం శూన్యం. బయట ఉన్న వస్తువుకు మాత్రం కర్పరం ద్రవ్యరాశి అంతా కేంద్రంలోనే ఉన్నట్లు బలం తగులుతుంది. మొదటిదానికి ఆయన చూపిన కారణం సరళమైనది. లోపలి బిందువు నుంచి ఎదురెదురు దిక్కులకు రెండు సన్నని శంకువులు గీస్తే, అవి కర్పరంపై కత్తిరించే ముక్కల వైశాల్యం దూరపు వర్గంతో పాటు పెరుగుతుంది, ఆ ముక్కల ఆకర్షణ మాత్రం దూరపు వర్గంతో తగ్గుతుంది. కాబట్టి దూరంగా ఉన్న పెద్ద ముక్కా, దగ్గరగా ఉన్న చిన్న ముక్కా సరిసమానమైన బలాలతో చెరోవైపుకు లాగి పరస్పరం రద్దయిపోతాయి. తరువాతి కాలంలో గాస్ నియమానికి ఆధారమైన కీలకం ఈ శంకువులోనే ఉంది.

విద్యుత్తులోకి ఈ ఆలోచన తిరుగుదారిలో వచ్చింది. ఆవేశితమైన లోహపాత్ర లోపల వేలాడదీసిన బెండు బంతి ఏ వైపుకూ లాగబడటం లేదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ గమనించి జోసెఫ్ ప్రీస్ట్లీకి తెలియజేశాడు. న్యూటన్ ఫలితం తెలిసిన ప్రీస్ట్లీ దాన్ని తలకిందులు చేసి ఆలోచించాడు. లోపల బలం లేదంటే విద్యుద్బలం కూడా దూరపు వర్గానికి విలోమంగానే ఉండి తీరాలని 1767లో ప్రచురించాడు.

హెన్రీ కావెండిష్ దీన్ని ఊహగా వదలకుండా కొలిచి చూశాడు. పన్నెండు అంగుళాలకు కొంచెం మించిన వ్యాసం గల గోళాన్ని లక్క పూసిన గాజుకడ్డీపై నిలిపి, దాని చుట్టూ తగరపు రేకు అంటించిన రెండు అట్ట అర్ధగోళాలను చెక్క చట్రాల సాయంతో మూశాడు. రెంటినీ ఒక తీగతో కలిపి ఆవేశం ఎక్కించి, పట్టుదారంతో ఆ తీగను బయటికి లాగి, అర్ధగోళాలను విడదీసి, లోపలి గోళానికి బెండు బంతుల విద్యుద్దర్శినిని ఆనించాడు. బంతులు ఎడం కాలేదు, అంటే లోపలి గోళానికి ఆవేశం చేరలేదు. తన పరికరం పసిగట్టగల కనీస ఆవేశాన్ని లెక్కలో పెట్టుకుని, దూరపు ఘాతాంకం రెండుకు యాభైయవ వంతుకు మించి తేడాగా ఉండదని తేల్చాడు. ఇదంతా 1770ల తొలినాళ్ల పని. అయినా కావెండిష్ దాన్ని ప్రచురించలేదు. కూలుంబ్ 1785లో వ్యావర్తన త్రాసుతో అదే నియమం చూపించి పేరు దక్కించుకోగా, కావెండిష్ కాగితాలను మాక్స్‌వెల్ 1879లో గానీ అచ్చు వేయించలేదు. బలాన్ని నేరుగా కొలిచే కూలుంబ్ పద్ధతి కన్నా, శూన్యాన్ని వెతికే కావెండిష్ పద్ధతే కచ్చితమైనదన్నది నా అభిప్రాయం. తరువాతి శతాబ్దాల్లో ఘాతాంకాన్ని ఇంకా సూక్ష్మంగా పరీక్షించినవారు సైతం ఆ దారినే పట్టారు.

నియమం అనే రూపం గణితశాస్త్రజ్ఞుల చేతిలో వచ్చింది. లాగ్రాంజ్ 1773లోనూ, గాస్ 1813లోనూ దీర్ఘగోళాల ఆకర్షణను లెక్కించే సందర్భంలో మూసిన తలంపై బలాన్ని కూడటం గురించి రాశారు. గాస్ 1835లో రాసుకున్న రూపం ఆయన చనిపోయిన పన్నెండేళ్లకు, 1867లో వెలుగు చూసింది. ఏ మూసిన తలం నుంచి బయటికి వచ్చే మొత్తం విద్యుత్ అభివాహమైనా, అంటే ఆ తలాన్ని దాటిపోయే క్షేత్రపు కూడికైనా, లోపలి నికర ఆవేశాన్ని ε₀ అనే స్థిరాంకంతో భాగిస్తే వచ్చే విలువకు సమానమని అది చెబుతుంది.

చాలామంది జారిపడేది ఇక్కడే. నియమం చెప్పేది తలం మొత్తం మీది కూడికను మాత్రమే. తలంపై ఒక బిందువు దగ్గర క్షేత్రం ఎంతో అది చెప్పదు. ఆ పని సౌష్ఠవం చేస్తుంది. గోళాన్ని కేంద్రం చుట్టూ ఎటు తిప్పినా మార్పు కనబడదు కనుక క్షేత్రం వ్యాసార్ధం వెంటే ఉండాలి, ఒకే దూరంలో అంతటా ఒకే విలువ ఉండాలి. అప్పుడే క్షేత్రం E ను కూడిక నుంచి బయటికి తీసి, దూరం r, ఆవేశం Q అనుకుని, E × 4πr² = Q/ε₀ అని రాయగలం. న్యూటన్ జ్యామితితో శ్రమపడి సాధించిన రెండో ఫలితం ఇలా ఒక్క వరుసలో వస్తుంది.

పలకకు తలం ఎంపిక వేరు. పలకను అడ్డంగా చీల్చుకుని వెళ్లే ఒక పొట్టి స్థూపాన్ని ఊహిస్తే, అభివాహం దాని రెండు మూతల గుండానే పోతుంది. మూత వైశాల్యం A, చదరపు మీటరుకు ఉన్న ఆవేశం σ అనుకుంటే 2EA = σA/ε₀, అంటే E = σ/2ε₀. వాహకం ఉపరితలానికైతే ఒక మూత లోహంలో, క్షేత్రం లేని చోట ఉంటుంది కనుక E = σ/ε₀ వస్తుంది. ఈ రెట్టింపు పరీక్షల్లో ఎందరినో తికమక పెడుతుంది. ఒక చదరపు మీటరు లోహపు పలకపై మొత్తం 17.7 నానోకూలుంబుల ఆవేశం ఉందనుకుందాం. దాన్ని ఒకే పలకగా చూస్తే మొదటి సూత్రం ప్రకారం, అంచులకు దూరంగా పలక దగ్గర క్షేత్రం కూలుంబుకు 1000 న్యూటన్లు. లోహంగా చూస్తే ఆవేశం రెండు ముఖాలకూ సగం సగం పంచుకుంటుంది, ముఖానికి 8.85 చొప్పున రెండో సూత్రంలో వేస్తే మళ్లీ 1000 వస్తుంది. 2000 వచ్చిందంటే, మొత్తం ఆవేశాన్ని ఒకే ముఖానికి అంటగట్టి లెక్క వేశారన్నమాట.

తీగకు దాన్ని చుట్టిన స్థూపం సరిపోతుంది. మూతల గుండా అభివాహం ఉండదు, పొడవు L అయితే పక్క గోడ వైశాల్యం 2πrL, కనుక మీటరుకు ఉన్న ఆవేశం λ అయితే E = λ/2πε₀r. మీటరుకు 10 నానోకూలుంబుల ఆవేశమున్న తీగ నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఇది 1800 అవుతుంది. తీగ నిజానికి ఒక మీటరు పొడవే ఉంటే, దాని నడిమధ్యకు ఎదురుగా అంతే దూరంలో కూలుంబ్ నియమంతో ముక్కముక్కగా కూడి చూసినప్పుడు 1765 వస్తుంది, తేడా రెండు శాతమే. కానీ 50 సెంటీమీటర్ల దూరానికి జరిగితే సూత్రం 360 చెబుతుండగా అసలు విలువ 255 దగ్గరే ఉంటుంది. ఆ పొట్టి తీగ చుట్టూ కూడా గాస్ నియమం తప్పదు. స్థూపం గుండా పోయే మొత్తం అభివాహం ఇంకా లోపలి ఆవేశానికి సరిపోయేంతే. అయితే అందులో కొంత మూతల గుండా జారిపోతుంది, పక్క గోడపై E ఒక్కో చోట ఒక్కోలా మారుతుంది. ఇక E ను కూడిక నుంచి బయటికి తీయడం కుదరదు కనుక, మళ్లీ కూలుంబ్ దగ్గరికి వెళ్లి తీగను ముక్కలు చేసి కూడుకోవలసిందే.