డార్లింగ్టన్ జత మీద ఆ ఒక్క వోల్టు ఎందుకు మిగిలిపోతుంది?

మైక్రోకంట్రోలర్ పిన్ ఇవ్వగలిగేది మహా అయితే పది, ఇరవై మిల్లీఆంపియర్లు. దానితో 12 వోల్టుల మీద నడుస్తూ 2 ఆంపియర్లు లాగే మోటారును ఆన్, ఆఫ్ చేయాలనుకుందాం. పవర్ ట్రాన్సిస్టర్ ఒక్కదాన్నే స్విచ్‌గా వాడితే, అది పూర్తిగా ఆన్ కావడానికి కలెక్టర్ కరెంట్‌లో దాదాపు పదో వంతు బేస్‌కు ఇవ్వడం వాడుక. అంటే 200 మిల్లీఆంపియర్లు. అంత కరెంట్ పిన్ నుంచి వచ్చే ప్రశ్నే లేదు.

ఈ ఇబ్బందిని తీర్చేదే డార్లింగ్టన్ జత. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన సిడ్నీ డార్లింగ్టన్‌కు దీని మీద 1953లో పేటెంట్ వచ్చింది. అమరిక చాలా చిన్నది. మొదటి ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ను నేరుగా రెండో దాని బేస్‌కు కలుపుతారు. రెండింటి కలెక్టర్లనూ ఒకే చోట కట్టేస్తారు. బయటికి మూడు కాళ్లే కనిపిస్తాయి కాబట్టి, వాడేవాళ్లకు అదొక మామూలు ట్రాన్సిస్టర్‌లాగే ఉంటుంది. గెయిన్ మాత్రం వేలల్లో ఉంటుంది.

ఆ వేలు ఎలా వస్తాయో ఒక లెక్కలో చూద్దాం. మొదటి దాని గెయిన్ 100, రెండో దానిది 50 అనుకుందాం. మొదటి బేస్‌లోకి 1 మిల్లీఆంపియర్ పంపితే దాని కలెక్టర్‌లో 100 పారుతుంది. బేస్‌దీ కలెక్టర్‌దీ కలిసి ఎమిటర్ నుంచి 101 బయటికొస్తుంది. ఆ 101 మొత్తం రెండో దాని బేస్‌లోకే వెళ్తుంది, అక్కడ 50 రెట్లు పెరిగి 5050 అవుతుంది. రెండు కలెక్టర్లూ కలిసే ఉన్నాయి కాబట్టి మొదటి దాని 100 కూడా ఇందులో చేరుతుంది. మొత్తం 5150 మిల్లీఆంపియర్లు. సూత్రంగా రాస్తే ఇంతే:

```
β = β1·β2 + β1 + β2
```

మన మోటారుకు కావలసిన 2 ఆంపియర్లకు ఈ లెక్కన 0.4 మిల్లీఆంపియర్ కూడా అక్కర్లేదు. నిజానికి ఇంత పొదుపుగా ఎవరూ ఇవ్వరు. బాగా వాడుకలో ఉన్న TIP120కి 3 ఆంపియర్ల దగ్గర కనీస గెయిన్ 1000 అని డేటాషీట్ హామీ ఇస్తుంది, అయినా స్విచ్‌గా వాడేటప్పుడు అదే 3 ఆంపియర్లకు 12 మిల్లీఆంపియర్లు ఇచ్చి కొలుస్తారు. ఆ నిష్పత్తిలో మన 2 ఆంపియర్లకు 8 మిల్లీఆంపియర్లు చాలు. పిన్ దాన్ని హాయిగా ఇస్తుంది.

అసలు సంగతి మోటారు తిరుగుతుండగా మల్టీమీటర్‌తో కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య కొలిచినప్పుడు బయటపడుతుంది. ఒంటరి ట్రాన్సిస్టర్ బాగా ఆన్ అయితే అక్కడ 0.2 లేదా 0.3 వోల్టు ఉంటుంది. డార్లింగ్టన్ మీద మాత్రం 1 వోల్టు దగ్గరలో కనిపిస్తుంది. బేస్ కరెంట్ చాలలేదేమో అనుకుని రెట్టింపు చేసినా, నాలుగు రెట్లు చేసినా మీటరు మీద అంకె ఒక పిసరు కదిలి ఆగిపోతుంది. ఈ మొండితనమే మనకు అసలు ఆధారం. లోపం డ్రైవ్‌లో లేదు, అమరికలోనే ఉంది.

ఎందుకో చూడాలంటే ముందు ఒంటరి ట్రాన్సిస్టర్ 0.2 వోల్టుకు ఎలా దిగుతుందో గమనించాలి. ఎమిటర్‌ను సున్నా దగ్గర పెట్టుకుందాం. 2 ఆంపియర్ల దగ్గర బేస్ సుమారు 0.85 వోల్టు మీద ఉంటుంది. కలెక్టర్ 0.2 దగ్గరికి వచ్చిందంటే అది బేస్ కంటే కిందికి దిగిపోయిందన్నమాట. అంటే బేస్, కలెక్టర్ల మధ్య ఉన్న జంక్షన్ కూడా తెరుచుకుంది. సాచురేషన్ అంటే ఇదే, రెండు జంక్షన్లూ ఒకేసారి ముందుకు నడిచే స్థితి. దీనికి ఒక షరతు ఉంది. కలెక్టర్ ఎంత కిందికి దిగినా బేస్‌లోకి కరెంట్ మాత్రం ఆగకుండా వస్తూనే ఉండాలి. ఒంటరి ట్రాన్సిస్టర్‌లో బేస్ కరెంట్ వేరే చోటు నుంచి వస్తుంది, కలెక్టర్ పరిస్థితితో దానికి పనిలేదు. అందుకే షరతు తీరుతుంది.

డార్లింగ్టన్‌లో రెండో ట్రాన్సిస్టర్‌కు ఆ సౌకర్యం లేదు. దాని బేస్‌కు కరెంట్ పంపేది మొదటి ట్రాన్సిస్టర్. ఆ మొదటిది కరెంట్ తెచ్చుకునేది ఎక్కడి నుంచి? రెండో దాని కలెక్టర్ ఉన్న చోటి నుంచే. చెరువులో నీరు తూము మట్టం కంటే కిందికి దిగితే కాలువ ఎండిపోయినట్టు, ఆ ఉమ్మడి కలెక్టర్ వోల్టేజ్ ఒక మట్టం దాటి దిగితే రెండో బేస్‌కు సరఫరా పడిపోతుంది.

ఆ మట్టం ఎంతో లెక్క కట్టడం సులువు. రెండో దాని ఎమిటర్ సున్నా దగ్గర ఉంది. దాని బేస్ 0.85 మీద ఉండాలి, లేకపోతే 2 ఆంపియర్లు పారవు. ఆ బేసే మొదటి దాని ఎమిటర్. అంటే మొదటి ట్రాన్సిస్టర్ నేల మీద కాదు, 0.85 వోల్టు ఎత్తున నిలబడి ఉంది. అది ఎంత గట్టిగా ఆన్ అయినా తన కలెక్టర్‌ను తన ఎమిటర్ కంటే 0.1 లేదా 0.15 వోల్టు పైనే ఉంచగలదు, అంతకంటే దించలేదు. రెండూ కూడితే 1 వోల్టు.

```
VCE(sat) = VBE2 + VCE1(sat) ≈ 0.85 + 0.15 = 1.0 V
```

దీన్నే ఇంకోలా చెప్పొచ్చు. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ ఎప్పుడూ దాని బేస్ కంటే పైనే ఉంటుంది, ఎందుకంటే ఆ రెండింటి మధ్యా ఆన్ అయిన మొదటి ట్రాన్సిస్టర్ కూర్చుని ఉంది. కాబట్టి జతలో సాచురేట్ అయ్యేది మొదటిది మాత్రమే. అసలు భారం మోసే రెండోది ఎప్పటికీ సాచురేషన్‌కు చేరదు. డేటాషీట్‌లో సాచురేషన్ వోల్టేజ్ అని రాసే అంకె ఈ జత మొత్తానిది, పెద్ద ట్రాన్సిస్టర్‌ది కాదు.

బేస్ కరెంట్ పెంచితే ఫలితం ఎందుకు ఉండదో ఇప్పుడు తేలిపోతుంది. అదనంగా ఇచ్చింది మొదటి దాన్ని ఇంకాస్త లోతుగా సాచురేట్ చేస్తుంది, 0.15 కాస్తా 0.1 అవుతుంది. 0.85 మాత్రం అలాగే ఉంటుంది. రెండో బేస్‌కు విడి సరఫరా అక్కర్లేకుండా చేసిందీ, వోల్టేజ్‌ను పట్టి ఆపిందీ ఒకే తీగ. కలెక్టర్లను కలిపిన ఆ తీగ వల్లే మొదటిది మోటారు కరెంట్‌లోంచే తీసుకుని రెండో బేస్‌కు ఉచితంగా పంపగలుగుతోంది.

ఇక 1 వోల్టు ఖరీదు చూద్దాం. 2 ఆంపియర్ల దగ్గర 2 వాట్ల వేడి. TIP120 ఉండే TO-220 ప్యాకేజీకి హీట్ సింక్ లేకపోతే వాటుకు 62.5 డిగ్రీల చొప్పున లోపలి ఉష్ణోగ్రత పెరుగుతుంది. అంటే 125 డిగ్రీలు. చుట్టూ గాలి 25 డిగ్రీలుంటే లోపల 150. ఆ చిప్ తట్టుకునే హద్దు సరిగ్గా అదే. చేత్తో ముట్టుకునే మాటే లేదు, హీట్ సింక్ తప్పనిసరి. ఒంటరి ట్రాన్సిస్టర్ అయితే 0.3 వోల్టు దగ్గర 0.6 వాటు, బేస్‌లో పోయే 0.17 వాటు కలిపి 0.77 వాటు. ఉష్ణోగ్రత 48 డిగ్రీలే పెరుగుతుంది.

సప్లై వోల్టేజ్ తక్కువైనప్పుడు నష్టం ఇంకోలా కనిపిస్తుంది. ఏడు డార్లింగ్టన్ జతలున్న ULN2003 చిప్‌తో 5 వోల్టుల చిన్న స్టెప్పర్ మోటారు 28BYJ-48ను నడపడం మామూలే. దాని కాయిల్ నిరోధం 50 ఓంలు అనుకుంటే 5 వోల్టులకు 100 మిల్లీఆంపియర్లు పారాలి. చిప్‌లో 0.9 వోల్టు పోగా కాయిల్‌కు దక్కేది 4.1, పారేది 82. టార్క్ కూడా దాదాపు అంతే నిష్పత్తిలో తగ్గుతుంది. మోటారు స్టెప్పులు తప్పుతుంటే ప్రోగ్రామ్‌ను వెతికే ముందు కాయిల్ చివరల వోల్టేజ్‌ను ఒకసారి కొలవడం మంచిది.

కొలతల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. చేతిలో ఉన్నది డార్లింగ్టనా కాదా అని మల్టీమీటర్ డయోడ్ టెస్ట్‌తో బేస్, ఎమిటర్ మధ్య చూస్తే, రెండు జంక్షన్లున్నాయి కదా, 1.2 వోల్టు రావాలని అనుకుంటాం. TIP120 లాంటి వాటిలో అలా రాదు. రెండో దాని బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య లోపలే సుమారు 120 ఓంల రెసిస్టర్ ఉంటుంది. ఆఫ్ చేసినప్పుడు రెండో బేస్‌లో చిక్కుకున్న చార్జ్ బయటికి పోవడానికి అది పెట్టిన దారి. మీటరు పంపే 1 మిల్లీఆంపియర్ దాని మీద 0.12 వోల్టు మాత్రమే పుట్టిస్తుంది, దాంతో రెండో జంక్షన్ తెరుచుకోనే తెరుచుకోదు. మీటరు 0.7, 0.8 దగ్గర చూపిస్తుంది, అచ్చం ఒంటరి ట్రాన్సిస్టర్‌లాగే. నమ్మదగిన పరీక్ష లోడ్ పెట్టి ఆన్ చేసి కలెక్టర్ వోల్టేజ్ చూడటమే.

మరి కలెక్టర్లను కలిపే ఆ తీగను కత్తిరిస్తే? విడి ట్రాన్సిస్టర్లతో కట్టుకునేటప్పుడు మొదటి దాని కలెక్టర్‌ను మోటారు దగ్గర కాకుండా ఒక రెసిస్టర్ ద్వారా సప్లైకి కలపవచ్చు. అప్పుడు రెండో బేస్‌కు కరెంట్ వేరే దారిన వస్తుంది, దాని కలెక్టర్ నిశ్చింతగా 0.3కు దిగుతుంది. కానీ ఇందాకటి 200 మిల్లీఆంపియర్లు ఇప్పుడు సప్లై నుంచి విడిగా తెచ్చుకోవాలి. 5 వోల్టుల లైన్ నుంచి అయితే రెసిస్టర్ 20 ఓంలు, ఆ లైన్ మీద భారం 1 వాటు. ట్రాన్సిస్టర్ కలెక్టర్‌లోని 0.6తో కలిపితే మొత్తం 1.6 వాట్లు. డార్లింగ్టన్‌లో పోయిన 2 వాట్లతో పోలిస్తే పెద్ద ఆదా కాదు, వేడి చాలా వరకు రెసిస్టర్‌లోకి మారిందంతే. అదే కరెంట్ 12 వోల్టుల లైన్ నుంచి తీస్తే దానికే 2.4 వాట్లు, అంటే డార్లింగ్టన్ కంటే అధ్వానం. మోటారుకు 11 వోల్టుల బదులు 11.7 అందడం ముఖ్యమైనప్పుడే ఈ మార్పు చేయడంలో అర్థముంది.

కొత్తగా కట్టే స్విచ్ అయితే నేను లాజిక్ లెవెల్ మోస్‌ఫెట్‌నే ఎంచుకుంటాను. ఆన్ అయినప్పుడు 0.03 ఓం ఉండే మోస్‌ఫెట్ మీద 2 ఆంపియర్లకు పోయేది 0.06 వోల్టు, వేడి 0.12 వాటు. దాని గేట్‌కు నిలకడగా కరెంట్ ఇవ్వాల్సిన పనీ లేదు. ఆంప్లిఫయర్ చివరి దశలో మాత్రం లెక్క వేరు. అక్కడ ట్రాన్సిస్టర్ పూర్తిగా ఆన్ కావాలని ఎవరూ కోరుకోరు, సిగ్నల్ నడుస్తున్నంతసేపూ దాని మీద ఎలాగూ కొన్ని వోల్టులు ఉంటాయి. డార్లింగ్టన్ మట్టం అడ్డు తగిలేది సిగ్నల్ అంచులను తాకినప్పుడే. శిఖరం ఒక వోల్టు ముందుగా తెగిపోతుంది, మిగిలిన సమయమంతా వేల గెయిన్ మాత్రమే పని చేస్తుంది.